48 గంటల గేమ్ జామ్: ముందు ఏది పూర్తి చేయాలి, ఏది తీసేయాలి

"జామ్‌లో మా ఆట సగంలోనే ఆగిపోయింది, ఎక్కడ తప్పు చేశాం?" అని అడిగినవాళ్ల ప్రాజెక్టులు తెరిచి చూస్తే దాదాపు ఒకటే కనిపిస్తుంది. పాత్ర చక్కగా నడుస్తుంది. మెనూ ఉంటుంది. వస్తువులు దాచుకునే సంచీ కూడా ఉంటుంది. కానీ ఆ ఆటలో గెలవడానికీ లేదు, ఓడడానికీ లేదు. పని తక్కువ చేసి కాదు, వరుస తప్పి అలా అయింది.

అందుకే ఈ మార్గదర్శి అంతా, ఇచ్చిన థీమ్ మీద గడువులోగా ఆట తయారుచేసే గేమ్ జామ్‌లో పని వరుస గురించే. ఆరేడు గంటలకల్లా మొదలు నుంచి చివరి దాకా ఆడగలిగే ఒక ముతక ఆట ఆన్‌లైన్‌లో ఉండాలి. మిగతా నలభై గంటలూ దాన్ని బాగుచేసుకోవడానికే. ఇద్దరు సభ్యుల జట్టు, బ్రౌజర్‌లో ఆడే చిన్న 2డి ఆట అనుకుని చెబుతున్నాను. ఒక్కరే చేసినా వరుస మారదు, లెవల్స్ తగ్గుతాయి.

## 1. గడియారం మొదలవక ముందు

ముందుగా నియమాలు చదవండి. జామ్‌కీ జామ్‌కీ తేడా ఉంటుంది. లుడమ్ డేర్ అనే ఆన్‌లైన్ జామ్‌లోని 48 గంటల కాంపో విభాగంలో ఒక్కరే పని చేయాలి, బొమ్మలూ శబ్దాలూ ఆ గడువులోనే తయారుచేసుకోవాలి. మామూలు బేస్ కోడ్ మాత్రం ముందే సిద్ధం చేసుకోవచ్చు. వేరే జామ్‌లలో ఉచితంగా దొరికే బొమ్మలు వాడుకోనిస్తారు. ఇది తెలియకుండా మొదలుపెడితే ఆదివారం మధ్యాహ్నం బొమ్మలన్నీ మార్చాల్సి రావచ్చు.

రెండోది, ఖాళీ ప్రాజెక్టు ఒకటి చేసి వెబ్‌కి ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. తెర మీద ఒక చతురస్రం కదిలితే చాలు. ఎక్స్‌పోర్ట్‌లో వచ్చే ఇబ్బందులు ఆటకు సంబంధించినవి కావు, మీ ఇంజిన్ వెర్షన్‌కూ సెట్టింగులకూ సంబంధించినవి. ఉదాహరణకు గోడాట్ ఇంజిన్ 4 తొలి వెర్షన్లలో సి షార్ప్‌తో రాసిన ప్రాజెక్టు వెబ్‌కి ఎక్స్‌పోర్ట్ అయ్యేది కాదు. ఇలాంటి సంగతి వారం ముందు తెలిస్తే భాష మార్చుకుంటారు, నలభై ఆరో గంటలో తెలిస్తే చేయగలిగిందేమీ ఉండదు.

- ఇంజిన్ వెర్షన్ ఇద్దరి దగ్గరా ఒకటేనా?
- గిట్ రిపాజిటరీ ఇద్దరి కంప్యూటర్ల నుంచీ పనిచేస్తోందా?
- ఖాళీ ప్రాజెక్టు బ్రౌజర్‌లో తెరుచుకుందా?
- బొమ్మలకు ఒకటి, శబ్దాలకు ఒకటి టూల్ ఎంచుకున్నారా? జామ్‌లో కొత్త టూల్ నేర్చుకోకండి.

## 2. 48 గంటల్లో మీకు నిజంగా దొరికేది ఎంత

రెండు రాత్రుల నిద్రకు 14 గంటలు. భోజనాలకూ నడుము వాల్చడానికీ 6. మిగిలేవి 28. చివరి 4 గంటలు ఆఖరి బిల్డ్‌కీ అప్‌లోడ్‌కీ పక్కన పెట్టాలి. ఉన్న 24లో సగం బగ్గులకూ, మెరుగులకూ, ఎవరితోనో ఆడించి చూడటానికీ పోతుంది. అంటే కొత్త ఫీచర్లు రాయడానికి మీ చేతిలో ఉన్నది 12 గంటలే.

నిద్ర తగ్గించి ఈ లెక్క పెంచుకోవాలని చాలామంది చూస్తారు. నేనూ రెండు జామ్‌లలో చూశాను. తెల్లవారుజామున మూడింటికి రాసిన కోడ్‌ని మర్నాడు ఉదయం సరిచేయడానికి, ఆ రాత్రి మిగుల్చుకున్న సమయం కంటే ఎక్కువే పట్టింది. నిద్ర గంటలను ప్లాన్‌లో రాసి పెట్టండి, వాటి జోలికి పోకండి.

శుక్రవారం సాయంత్రం 6కి జామ్ మొదలైతే ప్లాన్ ఇలా ఉంటుంది:

- గంట 0–2: ఆలోచన, జాబితా, మొదటి కోత
- గంట 2–6: ముతక ఆట (బొమ్మల్లేవు, చతురస్రాలే)
- గంట 6–7: మొదటి అప్‌లోడ్
- గంట 7–14: నిద్ర
- గంట 14–24: లెవల్స్, అసలు బొమ్మలు
- గంట 24–31: శబ్దాలు, స్పందనలు. 30వ గంటకు ఫీచర్లు బంద్
- గంట 31–38: నిద్ర
- గంట 38–44: బయటివాళ్లతో ఆడించడం, సరిచేయడం
- గంట 44–46: ఆఖరి బిల్డ్, పేజీ, సమర్పణ
- గంట 46–48: ఖాళీ. నిజంగానే ఖాళీగా ఉంచాలి

## 3. స్కోపింగ్: ఆటను ఒక్క వాక్యంలో రాయడం

థీమ్ "నీ దగ్గరున్నది తగ్గిపోతుంది" అనుకుందాం. మన జట్టు ఆలోచన: చీకటి ఇంట్లో దీపం పట్టుకుని తలుపు దాకా వెళ్లాలి, దీపంలో నూనె తరిగిపోతుంటుంది.

ఇది ఇంకా ఆట కాలేదు, సన్నివేశం మాత్రమే. ఆటగాడు క్షణక్షణం ఏం తేల్చుకోవాలో అందులో లేదు. స్కోపింగ్‌లో, అంటే ఆట ఎంత పెద్దదో తేల్చుకోవడంలో, ఎక్కువ మంది తప్పిపోయేది ఇక్కడే. నిర్ణయం లేని చోట ఆట పలచగా అనిపిస్తుంది, ఆ పలచదనం కప్పడానికి ఫీచర్లు ఒక్కొక్కటీ చేరుతాయి. శత్రువులు పెడదాం, తాళాలు పెడదాం, కథ పెడదాం అంటూ.

కాబట్టి వాక్యాన్ని ఇలా రాయండి: ఆటగాడు ఏం చేస్తాడు, దానివల్ల ఏం పోగొట్టుకుంటాడు. మన ఆటకు అది ఇలా తేలింది: "బటన్ నొక్కి పట్టుకుంటే దీపం చిన్నదవుతుంది, నూనె మిగులుతుంది, కానీ దారి కనిపించదు." ఇప్పుడు ప్రతి అడుగులోనూ ఒక నిర్ణయం ఉంది. ఈ వాక్యం రాకుండా కోడ్ తెరవకండి. రెండు గంటలైనా రాకపోతే ఆలోచనే మార్చండి.

## 4. మొదటి కోత: రెండో గంట లోపే

మన జట్టులో ఇద్దరూ ఉత్సాహంగా రాసుకున్న జాబితా ఇది: దీపం, దీపం తగ్గించడం, నూనె కుండలు, గోతులు, బయటికి తలుపు, వెంటాడే నీడలు, తాళాలూ తాళంచెవులూ, అవ్వ చెప్పే కథ, మూడు రకాల దీపాలు, ప్రతిసారీ కొత్తగా పుట్టే గదులు, సేవ్, సెట్టింగుల మెనూ, చివర్లో పెద్ద నీడతో పోరాటం. మొత్తం 13.

ఒక్కో అంశాన్నీ పట్టుకుని ఒకటే ప్రశ్న వేయండి: ఇది లేకపోతే ఆ వాక్యం అబద్ధం అవుతుందా?

దీపం, తగ్గించడం, తలుపు తీసేస్తే ఆట ఉండదు. గోతుల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. గోతులు అలంకారంలా కనిపిస్తాయి గానీ, అవి లేకపోతే ఆటగాడు మొదటి నుంచీ దీపం తగ్గించుకునే నడుస్తాడు. దారి కనిపించకపోయినా నష్టమేమీ లేదు కదా. అంటే గోతులే ఆ నిర్ణయానికి బరువు ఇస్తున్నాయి, అవి ఉండాలి. నూనె కుండలు ఉంటే లెవల్ పొడవు మన చేతిలో ఉంటుంది, కోడ్ కూడా నాలుగు వరుసలే. ఈ ఐదూ ఉంచాం.

మిగతా ఎనిమిదిలో ఏదీ ఆ వాక్యాన్ని మోయడం లేదు. వెంటాడే నీడలు వదులుకోవడం కష్టం అనిపించింది. అప్పుడు పూర్తిగా తీసేయకుండా చౌకైన రూపం వెతకాలి: వెంటాడని నీడ, రెండు చుక్కల మధ్య అటూ ఇటూ తిరిగే నీడ. దారి వెతికే కోడ్ అక్కర్లేదు. దాన్ని "సమయం ఉంటే" అనే రెండో జాబితాలో రాశాం. ఆ జాబితాలో రెండు కంటే ఎక్కువ పెట్టకండి.

ఎనిమిది తీసేస్తే ఎంత పని తగ్గింది? జాబితా సగానికి పైగా తగ్గిందని మాత్రమే అనిపిస్తుంది. కానీ ఫీచర్లు ఒకదానితో ఒకటి తగులుకుంటాయి. నాలుగు ఫీచర్లుంటే పరీక్షించాల్సిన జంటలు 6, ఎనిమిదుంటే 28. సేవ్ చేసినప్పుడు తాళంచెవి చేతిలో ఉందా, నీడ ఎక్కడుంది, నూనె ఎంతుంది అని ప్రతిదీ చూసుకోవాలి. జామ్‌లో సమయాన్ని మింగేది ఫీచర్ రాయడం కాదు, ఈ జంటలే.

సేవ్ గురించి ఒక మాట. ఆట అయిదు నిమిషాల్లో అయిపోతే సేవ్ అవసరమే రాదు. జామ్‌లో మీ ఆటను ఆడేవాళ్లు వరసగా చాలా ఆటలు చూస్తుంటారు, ఒక్కోదానికీ కొద్ది నిమిషాలే ఇస్తారు. కాబట్టి మూడు నుంచి అయిదు నిమిషాల ఆట లక్ష్యంగా పెట్టుకోండి.

## 5. గంట 2–6: ముతక ఆట

ఇక్కడ వరుస ఖచ్చితంగా పాటించండి:

1. కదలడం
2. ఓడిపోవడం
3. మళ్లీ మొదలవడం
4. గెలవడం

ఓటమి గెలుపు కంటే ముందు ఎందుకంటే, ఆటలో ఒత్తిడి ఉందో లేదో అక్కడే తెలుస్తుంది. గోడాట్‌లో మన దీపానికి కావాల్సింది ఇంతే:

```gdscript
var oil := 100.0

func _process(delta):
    var dim = Input.is_action_pressed("dim")
    oil -= (1.0 if dim else 4.0) * delta
    $Light.texture_scale = 0.5 if dim else 2.0
    if oil <= 0.0:
        get_tree().reload_current_scene()
```

పూర్తి వెలుగులో నూనె 25 సెకన్లు వస్తుంది, తగ్గిస్తే 100 సెకన్లు. కాబట్టి 40 సెకన్లు నడవాల్సిన గదిని గీస్తే చాలు, దీపం ఎక్కడో ఒకచోట తగ్గించక తప్పదు. అంకెలు ఇలా ముందే లెక్క వేసుకుంటే లెవల్ గీయడం ఊహ మీద ఆధారపడదు.

ఈ సమయంలో బొమ్మలు వేసేవారు ఖాళీగా కూర్చోరు. కానీ అసలు బొమ్మలు మొదలుపెట్టకూడదు. పాత్ర సైజు ఎంత, గది గళ్లు ఎంత, రంగులేవి అన్నవి తేల్చాలి. గడి 16 పిక్సెళ్లని ఇప్పుడే నిర్ణయిస్తే తర్వాత ప్రతి బొమ్మా అతుకుతుంది. మధ్యలో 32కి మారిస్తే లెవల్స్ అన్నీ మళ్లీ గీయాలి.

ఆరో గంటకు చతురస్రాలతో ఆట ఆడలేకపోతే ఆలోచన పెద్దదని అర్థం. "ఇంకో రెండు గంటలు ఇద్దాం" అనుకోకండి. ఉన్నవాటిలో ఒకటి తీసేయండి. మన ఆటలో అయితే మొదట పోయేది నూనె కుండలు.

ఆడగలుగుతున్నా విసుగ్గా ఉంటే అది వేరే సమస్య. బొమ్మలొస్తే బాగుంటుందిలే అని సర్దుకుపోకండి. ముందు అంకెలు మార్చి చూడండి: నూనె ఇంకా వేగంగా తరగాలి, గోతులు దారికి దగ్గరగా ఉండాలి. అరగంట అంకెలతో ఆడినా ఫలితం లేకపోతే అప్పుడు నియమం మార్చాలి.

## 6. గంట 6–7: నిద్రకు ముందు మొదటి అప్‌లోడ్

ఒక జామ్‌లో నేను గడువుకు ఇరవై నిమిషాల ముందు తొలిసారి అప్‌లోడ్ చేశాను. తెర నల్లగా వచ్చింది, అంతే. నా కంప్యూటర్‌లో చక్కగా ఆడుతోంది. ఒక బొమ్మ ఫైల్ పేరు `Door.png`, కోడ్‌లో రాసింది `door.png`. విండోస్ ఈ తేడా పట్టించుకోదు, ఎక్స్‌పోర్ట్ అయిన ఆట పట్టించుకుంటుంది. ఆ కారణం నాకు దొరికేసరికి గడువు దాటిపోయింది. రెండు రోజుల పని ఎవరూ ఆడలేదు.

అప్పటి నుంచి చతురస్రాల ఆటనే మొదటి రాత్రి ఎక్కిస్తున్నాను. పేజీని డ్రాఫ్ట్‌గా ఉంచితే ఎవరికీ కనిపించదు. ఆటలు ఎక్కించే itch.io సైట్ అయితే ప్రాజెక్టు రకం HTML అని ఎంచుకోవాలి, జిప్‌లో `index.html` పై స్థాయిలోనే ఉండాలి, ఫైల్ పక్కన "This file will be played in the browser" అన్న పెట్టెలో టిక్ పెట్టాలి.

బ్రౌజర్‌లో మాత్రమే బయటపడే తప్పులు కొన్ని ఉన్నాయి:

- శబ్దం రాదు. ఆటగాడు ఏదైనా నొక్కే దాకా బ్రౌజర్లు శబ్దాన్ని ఆపి ఉంచుతాయి. "మొదలుపెట్టండి" అనే ఒక్క బటన్‌తో తొలి తెర పెట్టండి. మీకు కావాల్సిన మెనూ అంతే.
- Esc నొక్కితే ఫుల్‌స్క్రీన్ పోతుంది. ఆట ఆపడానికి P వాడండి.
- Ctrl వాడకండి. ఆటగాడు Ctrl పట్టుకుని W నొక్కితే ట్యాబ్ మూసుకుపోతుంది. మేం దీపం తగ్గించడానికి మొదట Ctrl పెట్టి, ఈ కారణంగానే స్పేస్‌కి మార్చాం.

ఎక్కిందని చూసుకున్నాక గిట్‌లో ఒక ట్యాగ్ పెట్టండి:

```
git tag playable-1
```

ఇక నుంచి ఏం పాడైనా వెనక్కి రావడానికి ఆడగలిగే ఆట ఒకటి ఉంది. ఆ ధైర్యంతో పడుకుంటే నిద్ర పడుతుంది.

## 7. గంట 14–24: లెవల్స్, ముందు మధ్యది

ఉదయం లేచాక లెవల్స్‌ను 1, 2, 3 అని వరసగా చేయకండి. ముందు ఒక మధ్యస్థమైన లెవల్ పూర్తి చేయండి. తర్వాత ఆట ముగింపు తెర. ఆ తర్వాత మొదటి లెవల్. ఎందుకంటే మొదటి లెవల్ నేర్పే లెవల్, ఏం నేర్పాలో మధ్య లెవల్ గీశాకే తెలుస్తుంది.

మా మొదటి గదిలో గోతులు లేవు. ఒకటే పొడవైన దారి, పూర్తి వెలుగుతో వెళితే తలుపుకు రెండు అడుగుల ముందు దీపం ఆరిపోతుంది. గోడ మీద "స్పేస్" అని మాత్రమే రాసి ఉంటుంది. ఒకసారి ఓడిపోయినవారు రెండోసారి నొక్కి చూస్తారు. పేరాలకు పేరాలు సూచనలు రాసే పని తప్పింది.

పది లెవల్స్ అనుకున్నాం. ఒక్కో లెవల్ గీసి, ఆడి, సరిచేయడానికి గంటకు పైనే పడుతోందని రెండో లెవల్‌కే అర్థమైంది. అక్కడే అయిదుకు తగ్గించాం. మొదటి రెండు పనులకు పట్టిన అసలు సమయాన్ని బట్టే మిగతా లెక్క కట్టాలి, మీ ఆశను బట్టి కాదు.

24వ గంటకు మొదలు నుంచి ముగింపు తెర దాకా ఆట అందాలి. అందకపోతే లెవల్స్ మూడుకు తగ్గించండి. ఫీచర్‌ను తీసేయడం కంటే లెవల్‌ను తీసేయడం ఎప్పుడూ సులువు, దానివల్ల మిగతా కోడ్ ఏదీ విరగదు.

## 8. గంట 24–31: శబ్దాలు, ఆ తర్వాత ఫీచర్లు బంద్

కొత్త ఫీచర్ కంటే శబ్దాలు ఆటను ఎక్కువ మారుస్తాయి. అడుగు, నూనె కుండ, దీపం ఆరడం, తలుపు. ఈ నాలుగూ చాలు. జెఎస్‌ఎఫ్‌ఎక్స్‌ఆర్ లాంటి టూల్‌తో గంటలో అయిపోతాయి. సంగీతానికి సమయం లేకపోతే చిన్న గాలి శబ్దాన్ని తిప్పి తిప్పి వినిపించండి, చీకటి ఇంటికి అది సరిపోతుంది.

రెండో జాబితా తెరవడానికి ఇదొక్కటే సమయం. తిరిగే నీడలు మేం ఇక్కడే చేర్చాం, రెండు గంటలు మాత్రమే ఇచ్చుకుని. ఆ రెండు గంటల్లో అవ్వకపోతే తీసేయాలని మొదలుపెట్టక ముందే ఒప్పుకోండి. మొదలుపెట్టాక ఆ మాట ఎవరికీ చెప్పబుద్ధి కాదు.

తీసేసేటప్పుడు పూర్తిగా తీసేయండి. కోడ్‌తో పాటు బొమ్మ, బటన్, సూచన, పేజీలో రాసిన వాక్యం కూడా పోవాలి. తెరుచుకోని తాళం తలుపు ఒకటి మిగిలిపోతే, ఆటగాడు తాళంచెవి కోసం వెతుకుతూనే ఉంటాడు. ఆట విరిగిందనుకుంటాడు.

30వ గంట తర్వాత కొత్తది ఏదీ చేరదు. ఎంత చిన్నదైనా సరే.

## 9. గంట 38–44: నోరు తెరవకుండా చూడటం

ఆటను అసలు చూడని ముగ్గురిని కూర్చోబెట్టండి. లింక్ ఇవ్వండి, ఏమీ చెప్పకండి. ఎక్కడ ఆగారు, ఏ బటన్ నొక్కారు, ఎక్కడ మొహం చిట్లించారు అన్నవి రాసుకోండి. "ఎలా ఉంది" అని అడిగితే బాగుందనే అంటారు, దానివల్ల మీకు తెలిసేదేమీ లేదు.

మా ఆటలో ముగ్గురూ మూడో గదిలో ఒకే గోతిలో పదేపదే పడ్డారు. దీపం తగ్గిస్తే వెలుగు పాత్ర పాదాల దాకా కూడా సరిగా రావడం లేదు. మాకు గదులన్నీ కంఠతా వచ్చు కనుక అది కనిపించనే లేదు. తగ్గించిన వెలుగును 0.5 నుంచి 0.7కి పెంచాం, ఆ గోతిని రెండు గళ్లు పక్కకు జరిపాం. మార్చింది ఒక అంకె, ఒక గోయి. మళ్లీ ఆడించినప్పుడు ముగ్గురిలో ఇద్దరు చివరి దాకా వెళ్లారు.

దొరికిన బగ్గులను ఈ వరుసలో తీసుకోండి: ఆట ఆగిపోయేవి, దారి మూసేసేవి, అన్యాయంగా ఓడించేవి, తర్వాత మిగతావి. చూడటానికి బాగాలేనివి చివర్లో. వాటిలో సగం అలాగే మిగిలిపోతాయి, ఫర్వాలేదు.

ఆటను మీరు వందసార్లు ఆడారు కాబట్టి మీకు సులువుగా అనిపించేది కొత్తవారికి కష్టమే. సందేహం వస్తే నూనె పెంచండి.

## 10. గంట 44–46: సమర్పణ

- ఆఖరి బిల్డ్‌ను వేరే కంప్యూటర్‌లో, వేరే బ్రౌజర్‌లో, ప్రైవేట్ విండోలో తెరిచి చివరి దాకా ఆడారా?
- పేజీలో బటన్లేవో రాశారా?
- పేజీలో వెలుగు కనిపించే ఒక బొమ్మ ఉందా? చీకటి ఆట కదా అని నల్లటి బొమ్మ పెడితే ఎవరూ నొక్కరు.
- బొమ్మలూ శబ్దాలూ బయటివైతే ఎవరివో రాశారా?
- సోర్స్ కోడ్ అడిగే జామ్ అయితే అది జత చేశారా?
- పేజీ డ్రాఫ్ట్ నుంచి పబ్లిక్ అయిందా? జామ్‌లో "Submit" నొక్కాక మీ ఆట జాబితాలో కనిపించిందా?

పేజీ పబ్లిక్ చేయడం, జామ్‌కు సమర్పించడం రెండూ వేర్వేరు పనులు. మొదటిది చేసి రెండోది మరిచినవాళ్లు ప్రతి జామ్‌లోనూ కనిపిస్తారు.

46వ గంట తర్వాత చిన్న తప్పు కంటబడితే చేతులు ఊరుకోవు. ఆట ఆగిపోయే బగ్ అయితేనే ముట్టుకోండి. అప్పుడు కూడా పాత జిప్‌ను తీసేయకుండా కొత్తది ఎక్కించి, ఆడి చూసి, ఆ తర్వాతే పాతదాన్ని పక్కన పెట్టండి. గడువు దాటాక బగ్గులు సరిచేయడానికి కొన్ని జామ్‌లు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ఆ నియమాన్ని మొదటి రోజే రాసి పెట్టుకుంటే ఈ రెండు గంటల్లో టెన్షన్ సగం తగ్గుతుంది.